బంగారంలో ఎంత నష్టం ఓర్చుకోగలం: ఒడుదుడుకుల లెక్క, పతనాల లెక్క, వాటిని బట్టి ఎంపిక

చెన్నైలో ఉదయం పది దాటేసరికి ఆ రోజు 22 క్యారెట్ల గ్రాము ధర, ఎనిమిది గ్రాముల సవరన్ ధర ఇంటింటికీ తెలిసిపోతాయి. నిన్నటికంటే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది అందరూ చూస్తారు. అయితే బంగారంలో డబ్బు పెట్టదలచిన కుటుంబానికి కావలసిన సమాచారం అందులో ఉండదు. పెట్టిన సొమ్ము అత్యధికంగా ఎంత మేరకు కరిగిపోవచ్చు, కరిగినది తిరిగి రావడానికి ఎన్నేళ్లు పట్టవచ్చు, ఆ కాలమంతా అమ్మకుండా ఉండగల స్తోమత మనకుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే తప్ప నగ కొనాలా, స్టాక్ ఎక్స్ఛేంజీలో దొరికే బంగారపు ఫండ్ యూనిట్లు, అనగా ఈటీఎఫ్ కొనాలా, వెండి వైపు చూడాలా, షేర్ల ఫండ్‌లో పెట్టాలా అన్న ఎంపిక ఊహాగానంగానే మిగులుతుంది. ఈ ప్రశ్నలకు రెండు కొలతలతో జవాబు వెతకవచ్చు. ఒకటి ఒడుదుడుకుల శాతం, రెండోది డ్రాడౌన్, అనగా శిఖరం నుంచి పతనం. ఈ రెండింటిలో ఇంట్లో సొమ్ము దాచుకునేవారికి అక్కరకు వచ్చేది రెండోదేనని నా నిశ్చితాభిప్రాయం. కారణాలు కింద వివరిస్తాను.

రెండు కొలతలు, రెండు వేర్వేరు జవాబులు

ఒడుదుడుకుల శాతాన్ని కట్టే పద్ధతి తేలికైనదే. రోజువారీ ధరలు వరుసగా పెట్టుకొని, ఏ రోజుకారోజు ముందురోజుతో పోల్చి మార్పు శాతం కట్టి, ఆ మార్పుల ప్రామాణిక విచలనాన్ని కనుగొని, ఏడాదిలో ఉండే పనిదినాలు సుమారు 252 కనుక దాని వర్గమూలంతో, అనగా దాదాపు 15.9తో హెచ్చిస్తారు. రోజుకు సగటున ఒక శాతం అటూఇటూ ఊగే వస్తువుకు ఏడాది లెక్కన 16 శాతం వస్తుంది. దీర్ఘకాలంలో డాలర్ ధరల ప్రకారం బంగారం ఒడుదుడుకుల శాతం 15, 16 ప్రాంతంలో ఉంటూ వచ్చింది. షేర్ల సూచీలకు ఇది సాధారణంగా అంతకంటే ఎక్కువ, వెండికి దాదాపు రెట్టింపు.

ఈ 16 అన్న అంకెను చూసి చాలామంది, ఏడాదికి మహా అయితే 16 శాతం నష్టం అని అర్థం చేసుకుంటారు. ఆ కొలత అలా చెప్పదు. మార్పులు సగటుకు ఇరువైపులా ఎంతగా చెదిరి ఉంటాయో మాత్రమే అది చెబుతుంది. గణితం పాఠాల్లో కనిపించే గంట ఆకారపు వక్రరేఖను బంగారం అనుసరించి ఉంటే, మూడేళ్లలో రెండేళ్లు ఆ పరిధిలో ఉంటాయని, మిగతా ఏళ్లు దాటి పోతాయని చెప్పవచ్చు. కానీ బంగారం ఆ వక్రరేఖకు కట్టుబడి ఉండదు. 2013 ఏప్రిల్ 12 శుక్రవారం, మళ్లీ 15 సోమవారం, ఈ రెండు పనిదినాల్లో డాలర్ ధర సుమారు 13 శాతం పడిపోయింది. రోజుకు ఒక శాతం ఊగే వస్తువు రెండు రోజుల్లో 13 శాతం పడటం ఆ వక్రరేఖ ప్రకారం మనిషి జీవితకాలంలో చూడవలసిన సంగతి కాదు.

అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. ప్రామాణిక విచలనానికి మార్పుల వరుసతో నిమిత్తం లేదు. ఒక శాతం పెరగడం, ఒక శాతం తగ్గడం ఒకదాని తర్వాత ఒకటి జరిగినా, ముందు వంద రోజులు పెరిగి తర్వాత వంద రోజులు తగ్గినా దానికి ఒకే అంకె వస్తుంది. దాచుకున్నవారికి మాత్రం ఆ రెంటికీ హస్తిమశకాంతరం. 1990ల నడిమి సంవత్సరాల్లో బంగారం రోజువారీ కదలికలు ఎంతో చిన్నవి, ఒడుదుడుకుల శాతం ఎంతో తక్కువ. ఆ నెమ్మదైన సంవత్సరాలే 1980 జనవరి 21న లండన్‌లో ఔన్సుకు 850 డాలర్లు పలికిన ధరను 1999 జూలైలో 252.80 డాలర్ల వరకు దించిన దీర్ఘ పతనంలో చివరి భాగం. 70 శాతానికి చేరిన ఆ నష్టంలో చివరి భాగం ఇంచుమించు సద్దు లేకుండా జరిగిపోయింది. ఒడుదుడుకుల శాతం తక్కువగా ఉన్నందువల్ల క్షేమంగా ఉన్నామనుకోవడానికి వీల్లేదని ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

డ్రాడౌన్ ఈ లోపాన్ని పూరిస్తుంది. ఏ రోజైనా ఆ రోజు ధరను, అప్పటివరకు నమోదైన గరిష్ఠ ధరతో పోల్చి ఎంత శాతం కింద ఉన్నదో చూడటమే దాని పద్ధతి. ఆ శాతాల్లో అతి పెద్దదాన్ని గరిష్ఠ పతనం అంటారు. శిఖరం దగ్గర మొదలై మళ్లీ ఆ శిఖరాన్ని దాటేదాకా పట్టిన కాలాన్ని కోలుకునే కాలం అనవచ్చు. లోతు, కాలం రెండూ కలిస్తేనే పూర్తి చిత్రం. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరుసను శీర్షికలకు వదిలి, A నిలువు వరుసలో తేదీలు, B లో ధరలు పెట్టుకుంటే, రెండో వరుసలో రాసి కిందికి లాగవలసిన సూత్రాలు ఇవి. C లో అప్పటివరకు ఉన్న గరిష్ఠ ధర, D లో పతనం వస్తాయి. E లో రోజువారీ మార్పు మూడో వరుస నుంచి మొదలవుతుంది.

```
C2:  =MAX(B$2:B2)
D2:  =B2/C2-1
E3:  =LN(B3/B2)

గరిష్ఠ పతనం:        =MIN(D2:D5000)
ఏడాది ఒడుదుడుకులు:  =STDEV(E3:E5000)*SQRT(252)
```

5000 స్థానంలో మీ చివరి వరుస సంఖ్య ఉండాలి. ధరలను ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త కావాలి. చెన్నైలో దుకాణాలు చెప్పే ధర 22 క్యారెట్లది, ఎక్స్ఛేంజీల్లోనూ ఈటీఎఫ్‌లలోనూ నడిచేది 24 క్యారెట్లకు దగ్గరి మేలిమి బంగారం ధర. మధ్యలో ఒకదాని నుంచి మరొకదానికి మారితే 8 శాతం పైబడిన పతనమో పెరుగుదలో లేనిది ఉన్నట్లు కనిపిస్తుంది. నెలాఖరు ధరలతో లెక్కించినా నిజం దాగిపోతుంది. 2013 మార్చి చివరి ధరను ఏప్రిల్ చివరి ధరతో పోల్చితే తగ్గుదల 8 శాతమే. నెల నడుమ జరిగిన పెద్ద దెబ్బ ఆ లెక్కలో సగం మాయమైపోతుంది. అందుచేత రోజువారీ ధరలే వాడాలి, ఒకే క్యారెట్, ఒకే కరెన్సీ చివరిదాకా ఉంచాలి.

డాలర్లలో చూడాలా, రూపాయల్లో చూడాలా

1970ల్లో బంగారం ధర ప్రభుత్వాల కట్టడి నుంచి విడివడిన తర్వాత డాలర్లలో మూడు పెద్ద పతనాలు వచ్చాయి. 1974 డిసెంబరు చివర 195 డాలర్లు దాటిన ఔన్సు 1976 ఆగస్టులో 103 ప్రాంతానికి దిగింది. అది 47 శాతం. రెండోది పైన చెప్పిన 70 శాతం పతనం, 850 డాలర్లు మళ్లీ కనిపించడానికి 2008 జనవరి రావలసి వచ్చింది. మూడోది 2011 సెప్టెంబరులో 1,895 డాలర్ల నుంచి 2015 డిసెంబరు 17న 1,049.40 డాలర్ల వరకు, దాదాపు 45 శాతం; అది పూడటానికి 2020 జూలై దాకా పట్టింది. యాభై ఏళ్లలో మూడుసార్లు ధర దాదాపు సగానికో, అంతకంటే కిందికో దిగిందన్నమాట.

మన సొమ్ము రూపాయల్లో ఉంటుంది, ఫీజులూ రూపాయల్లోనే కడతాం. కనుక రూపాయల పతనమే మన పతనం, అది చాలాసార్లు డాలర్ల పతనంకంటే తక్కువ లోతుగా ఉంది. 2008 మార్చిలో 1,011 డాలర్లున్న ఔన్సు అక్టోబరులో 712కు పడినప్పుడు నష్టం 29 శాతం పైమాటే. కానీ అదే కాలంలో డాలర్ విలువ 40 రూపాయల చిల్లర నుంచి 50 రూపాయల దాకా ఎగబాకినందువల్ల, మారకపు రేటుతో మార్చి చూస్తే మనకు తగిలింది సుమారు 13 శాతం. 2011 సెప్టెంబరు నుంచి 2015 డిసెంబరు వరకు డాలర్లలో 45 శాతం పోయినా, మధ్యలో రూపాయి బలహీనపడటం, దిగుమతి సుంకం 10 శాతానికి చేరడం కలిసి ఇక్కడి నష్టాన్ని 15 శాతానికి అటూఇటూగా నిలిపాయి. ప్రపంచమంతటా భయం కమ్మినప్పుడు డాలర్ బలపడటం, దాంతో డాలర్లలో బంగారం తగ్గడం, రూపాయి కూడా దిగడం ఒకేసారి జరుగుతుంటాయి గనుక ఈ రక్షణ యాదృచ్ఛికం కాదు.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, రూపాయల్లో బంగారం పెద్దగా పడదని తేల్చేస్తారు. ఆ తీర్పు తప్పని అదే కాలం చెబుతుంది, కొలత మొదలుపెట్టే తేదీని మార్చి చూస్తే చాలు. 2013 ఆగస్టు 28న రూపాయి డాలర్‌కు 68.8 దాకా పడిపోయింది. అప్పుడే సుంకం పెరిగింది, బంగారం పది గ్రాములు 34 వేల ప్రాంతానికి చేరి అప్పటికి కొత్త శిఖరాన్ని తాకింది. ఆ శిఖరాన్ని కట్టినది సగానికి సగం రూపాయి పతనమే. ఆ తర్వాత రూపాయి కొంత కోలుకుంది, డాలర్ ధర 1,415 ప్రాంతం నుంచి 2015 జూలైలో 1,085 ప్రాంతానికి దిగింది, రెండూ కలిసి పది గ్రాముల ధరను 24,500 ప్రాంతానికి లాగాయి. ఆ రెండేళ్లలో డాలర్ల నష్టం 23 శాతమైతే రూపాయల నష్టం సుమారు 28 శాతం. అంతకుముందు రక్షించిన రూపాయే ఈసారి నష్టాన్ని పెంచింది. 2013 ఆగస్టులో కొన్నవారు అసలు చూడటానికి 2019 మధ్య దాకా, దాదాపు ఆరేళ్లు ఆగవలసి వచ్చింది. వడ్డీ లేకుండా ఆరేళ్లు అన్నది మరువరాదు.

2020 ఆగస్టు మొదటి వారంలో 56 వేలు తాకిన పది గ్రాముల ధర 2021 మార్చిలో 44 వేల దరిదాపులకు వచ్చింది, అది 21 శాతం. తిరిగి 56 వేలు దాటింది 2023 జనవరిలో. ఆ పతనంలో కొంత భాగం 2021 ఫిబ్రవరి బడ్జెట్ సుంకం తగ్గించినందువల్ల వచ్చింది. 2024 జూలై 23 బడ్జెట్‌లో సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు కూడా, ప్రపంచ ధరలో పెద్ద మార్పు లేకుండానే ఇక్కడి ధర ఒక్కరోజులో 5 శాతం మేర పడింది. ఢిల్లీ నిర్ణయంతో వచ్చే ఈ రకం నష్టం లండన్ ధరల చరిత్రలో ఎంత వెతికినా దొరకదు. రూపాయల ధరలతో పట్టిక కట్టినవారికి మాత్రమే అది కనిపిస్తుంది.

అయితే ఏ అంకెను నమ్మి నిర్ణయం తీసుకోవాలి? రూపాయల్లో ఈ శతాబ్దపు చేదు అనుభవం 28 శాతం, ఆరేళ్లు. కానీ గరిష్ఠ పతనం అన్న కొలతకు ఒక స్వభావముంది. చరిత్ర పొడవు పెరిగేకొద్దీ అది లోతవుతుందే తప్ప ఎన్నడూ తగ్గదు. మనం చూసిన కాలంలోనే అతి పెద్ద దెబ్బ తగిలిపోయిందనడానికి ఆధారం లేదు. పైగా డాలర్లలో మూడుసార్లు దాదాపు 45 శాతమో, అంతకంటే ఎక్కువో పడింది. రూపాయి ఏ కారణం చేతనైనా నిలకడగా ఉండి, సుంకం తగ్గి, డాలర్ ధర పడితే మనకు రక్షణ ఏదీ మిగలదు. అందుచేత లోతుకు 40 శాతం, కాలానికి ఆరేడేళ్లు అనుకొని పథకం వేసుకోవడం వివేకమని నా సలహా. ధర కొద్దికాలంలో బాగా ఎగబాకిన తర్వాత కొనేవారు ఇంకాస్త పెద్ద అంకె అనుకున్నా తప్పులేదు. 1974, 1980, 2011 పతనాలు మూడూ అలాంటి ఎగబాకుడుల తర్వాతే వచ్చాయి.

షేర్లతో, వెండితో, నగతో పోలిక

షేర్లకూ బంగారానికీ మధ్య తేడా లోతులో ఒకలా, కాలంలో మరోలా ఉంటుంది. 2008 జనవరి 8న 20,873 వద్ద ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160కి దిగింది, అంటే 61 శాతం నష్టం. అంత లోతు రూపాయల బంగారం ఈ శతాబ్దంలో చూడలేదు. అయినా ఆ సూచీ 2010 నవంబరుకల్లా పాత స్థాయికి వచ్చేసింది. బంగారం 28 శాతమే పడి ఆరేళ్లు తీసుకుంది. షేర్లు పడినప్పుడు కంపెనీలు లాభాలు ఆర్జిస్తూనే ఉంటాయి గనుక ఆ లాభాలు ధరను మళ్లీ పైకి లాగుతాయి. బంగారం ఏమీ ఆర్జించదు, దాన్ని పైకి లేపేది కొనేవారి ఆసక్తి ఒక్కటే. కాబట్టి కళ్లముందు విలువ సగానికి పైగా కరిగితే తట్టుకోలేనివారికి బంగారం మేలు, గడువు తెలిసిన ఖర్చు నాలుగైదేళ్లలో ఉన్నవారికి రెండూ తగవు. ఆ సొమ్ముకు బ్యాంకు డిపాజిట్టే చోటు.

వెండిని బంగారానికి చౌకైన ప్రత్యామ్నాయంగా చూసేవారికి ఒక్క సంగతి చాలు. 2011 ఏప్రిల్‌లో 48 డాలర్లు దాటిన ఔన్సు వెండి 2015 డిసెంబరులో 14 డాలర్ల కిందికి పోయింది. అది 70 శాతం పతనం. 2011 నాటి ఆ ధర మళ్లీ 2025లో గాని కనిపించలేదు. రెండు లక్షల నష్టం ఓర్చుకోగల కుటుంబం బంగారంలో పెట్టగలిగినంత మొత్తాన్ని వెండిలో పెట్టకూడదు, దాదాపు సగంతో సరిపెట్టుకోవాలి.

నగ విషయం కొంత నిదానంగా చూడాలి, ఎందుకంటే టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో అక్షయ తృతీయ నాడు కొనేవారిలో అధిక భాగం దీన్నే పెట్టుబడి అంటారు. లక్ష రూపాయల బంగారం ఉన్న నగకు తరుగు, మజూరీ కలిపి 12 శాతం అనుకుందాం. 1,12,000 అయింది. దానిపై 3 శాతం జీఎస్టీ వేస్తే బిల్లు 1,15,360. మరునాడే అమ్మబోతే, రాళ్లు లేని హాల్‌మార్క్ నగ అయినా, కొనేవారు రెండు శాతం తగ్గించి 98,000 ఇస్తారనుకుంటే, ధర ఒక్క రూపాయి కదలకుండానే 15 శాతం పోయింది. ఇప్పుడు ధర 25 శాతం పడితే చేతికి వచ్చేది 73,500. కట్టిన బిల్లుతో పోల్చితే నష్టం 36 శాతం. పత్రికలో కనిపించే పతనం 25, ఇంటికి తగిలే పతనం 36. కోలుకునే కాలం కూడా ఆ మేరకు సాగిపోతుంది. ఈటీఎఫ్‌లో మజూరీ, జీఎస్టీ ఉండవు. ఏటా ఒక శాతానికి లోపు ఖర్చు, కొంచెం బ్రోకరేజీ ఉంటాయి. ధరించడానికి కొనే నగను ధరించడానికే కొనండి, అందులో దోషమేమీ లేదు. ఎనిమిదేళ్ల తర్వాత అమ్మాయి పెళ్లికి అదే నగ వేస్తారంటే మధ్యలో వచ్చే పతనంతో పనే లేదు. అమ్మడమనే ఆలోచన కొంతైనా ఉన్న సొమ్ముకు మాత్రం నగ తగిన రూపం కాదు.

ప్రభుత్వ సావరిన్ గోల్డ్ బాండ్లు 2015 నవంబరులో మొదలై, 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రావడం లేదు. పాతవి ఎక్స్ఛేంజీలో దొరుకుతాయి. ఏటా రెండున్నర శాతం చొప్పున వచ్చే వడ్డీ కోలుకునే కాలాన్ని కొంత కుదిస్తుంది. అయితే ఆ వడ్డీని బాండు తొలి జారీ ధర మీద లెక్కిస్తారు గనుక నేడు కొనేవారికి దాని శాతం బాగా తక్కువ. అమ్మదలచినప్పుడు కొనేవారు పలుచగా ఉంటే ధరలో మరికొంత వదులుకోవలసి వస్తుంది.

అప్పు చేరితే లెక్క మారుతుంది

పైన చెప్పినదంతా ఓపిక పట్టగలవారికి. తాకట్టు పెట్టినవారికి పతనాన్ని ఓర్చుకునే స్వేచ్ఛ ఉండదు, వేలం తేదీ వారి చేతిలో లేదు గనుక. 2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు, కోవిడ్ కష్టాలను దృష్టిలో పెట్టుకొని, బ్యాంకులు నగల విలువలో 75 శాతానికి బదులు 90 శాతం వరకు అప్పు ఇవ్వవచ్చని 2021 మార్చి 31 దాకా వెసులుబాటు ఇచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే ధర శిఖరాన ఉంది. లక్ష విలువ గల నగపై ఆ రోజు 90 వేలు తీసుకున్నవారి తాకట్టు విలువ మార్చికల్లా 79 వేలకు దిగింది, అప్పు వడ్డీతో 90 వేలు దాటి పెరిగింది. అదనంగా నగో నగదో తెమ్మని కబురు రావడానికి అది చాలు.

జాగ్రత్తగా తీసుకున్నామనుకునే అప్పును కూడా ఇలా పరీక్షించవచ్చు. లక్ష విలువపై 70 వేలు అప్పు, 12 శాతం వడ్డీ, ఏడాది చివర ఒకేసారి కట్టే షరతు. ఏడాదికి బాకీ 78,400 అవుతుంది. అంటే 21.6 శాతం పతనంతో తాకట్టు విలువ బాకీతో సమానమవుతుంది; ఇచ్చినవారు అంతదాకా ఆగరు, ముందే పిలుస్తారు. 2020-21 నాటి 21 శాతం పతనం, ఎవరూ సంక్షోభమని కూడా పిలవని ఆ పతనం, ఈ అప్పును అంచుకు తేవడానికి సరిపోయేది. 40 శాతం పతనాన్ని తట్టుకోవాలంటే, వడ్డీతో కలిపి బాకీ ఎన్నడూ నగ విలువలో 60 శాతం దాటకూడదు. అంటే ఇదే వడ్డీకి మొదట తీసుకోవలసింది 53 వేలకు మించరాదు. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతి ఉంటే దాన్నే ఎంచుకోవడం మంచిది.

ఒక కుటుంబం లెక్క

షోళింగనల్లూరులో ఉంటూ ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే నెల్లూరు దంపతులను ఊహించుకుందాం. నగలు కాక పొదుపు 30 లక్షలుంది. మూడేళ్లలో అబ్బాయి కాలేజీకి 12 లక్షలు కావాలి. అత్యవసరాలకు 4 లక్షలు. ధర పెరుగుతున్నదన్న ఉత్సాహంతో గోల్డ్ ఈటీఎఫ్‌లో 15 లక్షలు పెడదామని వారి ఆలోచన. ఒడుదుడుకులు 16 శాతమే కదా, 15 లక్షల్లో 2,40,000 పోతే తట్టుకుంటామని వారు అనుకుంటారు. రెండున్నర లక్షల నష్టమైతే జీవితంలో ఏ నిర్ణయమూ మార్చుకోనక్కర లేదన్నది వారి మాట, అది నిజమే కావచ్చు.

ఇప్పుడు పతనం కొలతతో అదే చూద్దాం. 2013-15 వంటిది వస్తే 15 లక్షల్లో పోయేది 4,20,000. మనం అనుకున్న 40 శాతం వస్తే 6 లక్షలు. తట్టుకోగలమన్న మొత్తానికి అది రెండింతలకు పైమాట. ఆ స్థితిలో భార్యో భర్తో ఇక చాలు అమ్మేద్దామంటారు, అమ్మే రోజు సాధారణంగా అడుగుకు దగ్గరలోనే ఉంటుంది. పైగా ఆ 15 లక్షలు తీసిన తర్వాత మిగిలిన 15లో ఫీజు, అత్యవసర సొమ్ము కలిపి 16 లక్షలు పట్టవు. అంటే ఫీజులో లక్ష బంగారం ధర మీద ఆధారపడింది.

సరైన క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదట ఫీజు 12, అత్యవసరం 4 డిపాజిట్లలో పెట్టాలి, అవి పతనాల లెక్కకే రాకూడదు. మిగిలినవి 14 లక్షలు. తట్టుకోగల నష్టం రెండున్నర లక్షలను 0.40తో భాగిస్తే 6,25,000 వస్తుంది. బంగారం ఒక్కటే కొంటే అదే గరిష్ఠ పరిమితి. షేర్ల ఫండ్ కూడా కావాలంటే రెండున్నర లక్షలను రెంటికీ పంచుకోవాలి. బంగారంలో 4 లక్షలు, సూచీ ఫండ్‌లో 3 లక్షలు పెట్టారనుకుంటే, 2008 వంటి కాలంలో బంగారంలో 13 శాతం, షేర్లలో 61 శాతం చొప్పున పోయేది 2,35,000. పరిమితికి లోపలే ఉంది. 2013-15లో బంగారం పడుతుంటే షేర్లు పెరిగాయి కనుక అప్పుడు నష్టం ఇంకా తక్కువ. కానీ రెండూ ఒకేసారి తమ అడుగులను తాకుతాయనుకుంటే, 40 శాతం, 60 శాతం చొప్పున 3,40,000 పోతుంది. ఆ రెండు పతనాలు ఒకే కాలంలో ఇంతవరకు కలిసి రాలేదు, రావనీ ఎవరూ పూచీ పడలేరు. ఆ అవకాశం కూడా వద్దనుకునే దంపతులు బంగారాన్ని 3 లక్షలకు, ఫండ్‌ను 2 లక్షలకు తగ్గించుకుంటే నష్టం 2,40,000 దగ్గర ఆగుతుంది. మిగతా 9 లక్షలు డిపాజిట్లలోనే ఉంటాయి. రాబడి తక్కువగా ఉంటుందన్న అసంతృప్తి ఉంటే, వారు మార్చుకోవలసింది తట్టుకోగల నష్టం అంకెను. అది మార్చలేకపోతే బంగారం మొత్తాన్ని పెంచకూడదు.

వారి నగల సంగతి వేరు. 40 సవరన్ల నగలుంటే, ఎన్నడూ అమ్మబోమన్నవాటిని ఈ లెక్కలో చేర్చనక్కర లేదు. కానీ ఇల్లు కొనేటప్పుడు తాకట్టు పెట్టే ఉద్దేశం ఉన్నట్లయితే ఆ 320 గ్రాములూ లెక్కలోకి రావాలి. అప్పుడు వారి దగ్గర బంగారం ఇప్పటికే పరిమితిని దాటి ఉంటుంది, ఈటీఎఫ్ కొనడానికి చోటే ఉండదు.

ఈ పరిమితిని ఏటా ఒకసారి తిరిగి కట్టాలి. మూడు లక్షలకు కొన్న బంగారం అయిదు లక్షలైతే, 40 శాతం పతనంలో పోయేది ఇక రెండు లక్షలు. అసలు మూడు లక్షలే కదా, లాభంలోంచి పోతుందిలే అని కొందరు సరిపెట్టుకుంటారు. పడిన రోజున మాత్రం తమ సొమ్ము అయిదు లక్షలనుకొనే లెక్కవేస్తారు, ఆ అయిదు లక్షల మీద ఆశ పెట్టుకొని ఏదో ఒక ఖర్చుకు ఒప్పుకొని ఉంటారు కూడా. పరిమితి దాటిన మేరకు ఈటీఎఫ్ యూనిట్లు అమ్మి డిపాజిట్‌కు మార్చడమే సరైనది. యూనిట్లు కొని పన్నెండు నెలలు దాటితే లాభంపై దీర్ఘకాలిక పన్ను పన్నెండున్నర శాతం, సెస్సుతో కలిపి ఇంకాస్త పడుతుంది కనుక, కొన్న తేదీ చూసుకొని ఏడాది నిండిన యూనిట్లను ముందు అమ్మాలి.